164 పేజీల టెండర్‌ని ఒక్క పేజీ చేసి 'అర్హత లేదు' అని తేల్చాను, చిన్నాయన ఒప్పుకోవట్లేదు

నల్లగొండ_చిన్నోడు
మా చిన్నాయనది చిన్న సివిల్ ఫర్మ్. ఆయన, ఒక సూపర్‌వైజర్, లెక్కలకు నేను. అంతే మా ఆఫీసు. పాలమూరులో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ స్టాఫ్ క్వార్టర్స్ కట్టించడానికి టెండర్ పిలిచింది. ఎస్టిమేట్ 1.80 కోట్లు, డాక్యుమెంట్ 164 పేజీలు. "అదంతా చదివే ఓపిక నాకు లేదు. ఒక్క పేజీలో రాసియ్యి, వేద్దామా వద్దా చెప్పు" అన్నాడు.

మూడు రాత్రులు కూర్చున్నాను. మొదటిసారి తొమ్మిది పేజీలు వచ్చింది, తిట్లు పడ్డాయి. రెండోసారి ఒక్క పేజీకి తెచ్చాను. అందులో అర్హత గురించి రాసింది ఇదీ:

గత ఏడేళ్లలో ఇలాంటి పనులు చేసి ఉండాలి. 1.44 కోట్లది ఒకటైనా, 90 లక్షలవి రెండైనా, 72 లక్షలవి మూడైనా సరే. మనకు స్కూలు గదుల పని 96 లక్షలు, మిర్యాలగూడ దగ్గర మార్కెట్ గోదాం 74 లక్షలు, నల్లగొండలో డాక్టర్ గారి నర్సింగ్ హోం 70 లక్షలు ఉన్నాయి. హాస్టల్ పని 91 లక్షలది నడుస్తోంది. 72 దాటినవి రెండే పూర్తయ్యాయి కాబట్టి అర్హత లేదు.

"రెండు లక్షల తేడాకి వద్దంటావా, సరిగ్గా చదివావా" అని చిన్నాయన పోరు. చివరి తేదీ నవంబర్ 18, మధ్యాహ్నం 3 గంటలు. నేను ఎక్కడైనా తప్పు చేశానా? అసలు మీరందరూ ఇంత పెద్ద డాక్యుమెంట్‌ని ఎట్లా కుదిస్తారు?

మూసీ_గట్టు
తొమ్మిది పేజీలు రాసినందుకు తిట్లు తిన్నావా? మా దగ్గరైతే 164 పేజీలు ప్రింట్ తీసినందుకే తిడతారు.

పాలమూరు_బిల్డర్
ఇంత ఆలోచన ఎందుకు. మీ ఫర్మ్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే ఈఎండీ అనే బిడ్ డిపాజిట్ కట్టక్కర్లేదు, అనుభవం కూడా అడగకూడదు. కేంద్ర సంస్థ కదా, చిన్న పరిశ్రమల పాలసీ ఉంది. సర్టిఫికెట్ జత చేసి వేసేయండి.

రిటైర్డ్_ఇంజనీర్
పాలమూరు_బిల్డర్ గారూ, ఆ పాలసీ 2012 నాటిది, నిజమే. కానీ అది వస్తువుల, సేవల కొనుగోలుకు. భవనం కట్టే పనికి, అంటే వర్క్స్ కాంట్రాక్టుకి వర్తించదు. సిమెంటు, ఫర్నిచర్ సప్లై చేసేవాళ్లకు చెప్పాల్సిన మాట ఇది. ఈ అబ్బాయి మీ మాట విని ఈఎండీ లేకుండా వేస్తే టెక్నికల్ బిడ్ తెరిచిన రోజే పక్కన పెడతారు.

చిన్నోడా, నీ లెక్క తప్పు కాదు. ఎస్టిమేట్‌లో 80, 50, 40 శాతాలు కేంద్ర సంస్థల టెండర్లలో మామూలే, విజిలెన్స్ కమిషన్ 2002లో ఇచ్చిన సర్క్యులర్ నుంచీ అట్లాగే నడుస్తోంది. కానీ నువ్వు రాసింది నీ మాటల్లో ఉంది. నాకు ఆ క్లాజ్‌లో ఉన్న మాటలు కావాలి. 'ఇలాంటి పనులు' అని నువ్వు రెండు మాటల్లో తేల్చేశావు. ఇలాంటివి అంటే ఏవో వాళ్లు ఎక్కడో రాసి ఉంటారు. 'పూర్తయిన' అని ఉందా, 'చేసిన' అని ఉందా? ఏడేళ్లు ఏ రోజుతో ముగుస్తాయి? ఆ పేరా ఉన్న పేజీ నంబర్లతో సహా పెట్టు.

సూర్యాపేట_సప్లయర్
నాకూ ఇదే సమస్య. జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో ఒక ఆఫీసుకి కంప్యూటర్లు సప్లై చేసే బిడ్ వేశాను. పై పేజీలో టర్నోవర్ మినహాయింపు 'ఎస్' అని ఉంది. చివర్లో కొనేవాళ్లు అదనంగా పెట్టిన షరతుల్లో మాత్రం టర్నోవర్ అడిగారు. రిజెక్ట్ చేశారు. ఏది చెల్లుతుంది?

రిటైర్డ్_ఇంజనీర్
మీది వేరే కథ. జెమ్‌లో ఒకదానికొకటి పొసగనప్పుడు కొనేవాళ్లు ఆ బిడ్‌కి అదనంగా పెట్టిన షరతులదే పైచేయి. అందుకే ఆ బిడ్లను వెనక నుంచి చదవాలి. వేరే పోస్ట్ పెట్టండి, ఇక్కడ కలిస్తే గందరగోళం.

నల్లగొండ_చిన్నోడు
సార్, మళ్లీ చూశాను. 19వ పేజీలో క్లాజ్‌లో 'తృప్తికరంగా పూర్తి చేసిన' అనే ఉంది. ఏడేళ్లు బిడ్ చివరి తేదీకి ముందు రోజుతో ముగుస్తాయి. 'ఇలాంటి పని' అంటే 'ఆర్‌సీసీ ఫ్రేమ్ భవన నిర్మాణం, లోపలి నీటి, శానిటరీ, కరెంటు పనులతో కలిపి' అని 22వ పేజీలో ఉంది. 19వ పేజీలో ఆ సంగతే లేదు. నేను 22 చదివాను గానీ 19తో కలపలేదు.

హాస్టల్ పని తొంభై శాతం అయిపోయింది సార్. దాన్ని లెక్కలోకి తీసుకోరా? తీసుకుంటే 96, 91, రెండూ 90 దాటినవే.

రిటైర్డ్_ఇంజనీర్
తీసుకోరు. తొంభై శాతం పూర్తయితే అది తొంభై శాతం నడుస్తున్న పనే. కంప్లీషన్ సర్టిఫికెట్‌లో పూర్తయిన తేదీ అనే గడి ఖాళీగా ఉంటే అక్కడితో సరి.

మూసీ_గట్టు
పెళ్లి తొంభై శాతం అయిందని అత్తారింటికి పోయినట్టు.

దేవరకొండ_కాంట్రాక్టర్
స్కూలు పని ఎప్పుడు అయిపోయింది? మన రాష్ట్ర టెండర్లలో ఐదు ఆర్థిక సంవత్సరాలే చూస్తారు. ఐదేళ్లు దాటితే 96 లక్షలది కూడా పోయినట్టే.

నల్లగొండ_చిన్నోడు
అన్నా, ఐదేళ్లు నిండింది. కానీ ఇక్కడ ఏడు అని ఉంది కదా.

దేవరకొండ_కాంట్రాక్టర్
అవునా, ఏడు అంటే ఓకే. మాకు ఎప్పుడూ ఇరిగేషన్, పంచాయతీరాజ్ పనులే. అదే అలవాటులో చెప్పాను.

వనపర్తి_వనజ
మా ఆయన ఫర్మ్‌కి టెండర్ కాగితాలన్నీ నేనే చూస్తాను. నేను కుదించను, వెతుకుతాను. ఒక కాగితం మీద మమ్మల్ని బయటికి నెట్టగలిగేవి మాత్రమే రాస్తాను. అనుభవం, టర్నోవర్, ఆర్థిక స్తోమత చూపే సాల్వెన్సీ, ఈఎండీ, ఎవరి సంతకం, ఏ రోజు, ఏ గంట. ప్రతి దాని పక్కన పేజీ నంబర్, మా దగ్గర ఆ కాగితం ఉందా లేదా అన్నది. నిర్మాణ స్పెసిఫికేషన్లు, ఆర్బిట్రేషన్, లేబర్ చట్టాల పేజీలు ఆ రోజు ముట్టుకోను. అవి రేట్లు వేసేటప్పుడు చదువుతాను.

ఇంకో పని కూడా చేస్తాను. 'విలువ', 'సర్టిఫికెట్', 'ఒరిజినల్' లాంటి మాటలు పెట్టి పీడీఎఫ్ మొత్తం వెతుకుతాను. స్కాన్ కాపీ అయితే వెతకడం కుదరదు, చేత్తోనే తిప్పాలి. ఒకే సంగతి మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉంటుంది. నువ్వు 'విలువ' అని ఒకసారి వెతికి చూడు చిన్నోడా, అనుమానంగా ఉంది నాకు.

నల్లగొండ_చిన్నోడు
వనజక్కా!! 58వ పేజీ. 'చేసిన పనుల విలువను, పూర్తయిన తేదీ నుంచి బిడ్ చివరి తేదీ వరకు ఏడాదికి 7 శాతం చొప్పున బారు వడ్డీ లెక్కన పెంచి ప్రస్తుత ధర స్థాయికి తేవాలి.' ఇది ఒక ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఫారాలు తర్వాత నింపుతాం కదా అని నేను ఆ పేజీలు చూడనే లేదు.

రిటైర్డ్_ఇంజనీర్
దీన్నే నేను అడగబోతున్నాను. కేంద్ర భవన పనుల టెండర్లలో ఈ 7 శాతం క్లాజ్ తరచుగా ఉంటుంది, అన్నిట్లో ఉండదు. ఉందో లేదో చూడకుండా పాత పని విలువ తక్కువని వదిలేయకూడదు.

నర్సింగ్ హోం 70 లక్షలు. పూర్తయి ఎన్నాళ్లు? రెండేళ్లు అనుకుంటే 14 శాతం, అంటే 9.80 లక్షలు కలుస్తుంది. 79.80. ఇప్పుడు 72 దాటినవి మూడు అయ్యాయి.

నల్లగొండ_చిన్నోడు
రెండేళ్లు దాటింది సార్. అయితే అర్హత ఉన్నట్టే!! చిన్నాయనకి ఇప్పుడే చెప్తాను.

గద్వాల్_ఆడిటర్
ఆగు ఆగు, చెప్పకు ఇంకా. నర్సింగ్ హోం ప్రైవేటు పని. ప్రైవేటు పనులకు సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, ఆ చెల్లింపుల మీద టీడీఎస్ కట్ అయినట్టు కాగితం అడుగుతారు. ఈ టెండర్‌లో కూడా ఉండి ఉంటుంది, చూడు. డాక్టర్ గారు టీడీఎస్ కోశారా? మీ పేరున కోసిన పన్నులు చూపే 26ఏఎస్ తీసి చూస్తే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

నల్లగొండ_చిన్నోడు
ఉంది సార్, 20వ పేజీలో. 26ఏఎస్‌లో డాక్టర్ గారి పేరు లేదు. చిన్నాయనని అడిగితే "సగం చెక్కులు, మిగతాది వాయిదాలు, టీడీఎస్ ఎవడు కోశాడు" అన్నాడు.

గద్వాల్_ఆడిటర్
అయితే ఆ పని కాగితం మీద లేనట్టే. ఏడాదిలో 50 లక్షలు దాటిన కాంట్రాక్టు చెల్లింపులకు మామూలు వ్యక్తులు కూడా టీడీఎస్ కోయాలని 2019 సెప్టెంబర్ నుంచి ఉంది. డాక్టర్ గారిని ఇప్పుడు కట్టమంటే వడ్డీతో కట్టాలి. ఆయన మీ కోసం కడతారా అన్నది మీ మీ స్నేహం.

ఇంకో మాట. సీఏ దగ్గర టర్నోవర్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు, ఒక్కో సర్టిఫికెట్‌కి విడిగా వచ్చే యూడీఐఎన్ నంబర్ లేకుండా ఎవరు ఇచ్చినా తీసుకోకు. పోర్టల్‌లో ఆ నంబర్ కొట్టి సరిచూస్తారు.

మూసీ_గట్టు
ఒక్క పేజీలో రాయమంటే చిన్నాయన సంసారం మొత్తం బయటికి వస్తోంది.

వనపర్తి_వనజ
7 శాతం నర్సింగ్ హోంకి మాత్రమే ఎందుకు వేశారు? గోదాం ఎప్పుడు పూర్తయింది?

నల్లగొండ_చిన్నోడు
నాలుగేళ్లు అక్కా. ఈ నవంబర్‌కి సరిగ్గా నాలుగు.

వనపర్తి_వనజ
నాలుగేళ్లంటే 28 శాతం. 74 లక్షల మీద 20.72. మొత్తం 94.72. అది 90 దాటింది. స్కూలు 96 ఎలాగూ ఉంది. అంటే 90 లక్షలవి రెండు ఉంటే చాలన్న దారిలో నువ్వు వస్తావు. మూడో పని అక్కర్లేదు, డాక్టర్ గారి టీడీఎస్ కూడా అక్కర్లేదు.

రిటైర్డ్_ఇంజనీర్
ఒప్పుకున్నాను. నేను 72 దగ్గరే ఇరుక్కుపోయాను. స్కూలు పని ఐదేళ్ల 35 శాతం కలిపినా 129.60 అవుతుంది, 1.44 కోట్లకు చాలదు. కాబట్టి ఒక్క పని దారి లేదు. రెండు పనుల దారే నీది.

కానీ నీ పేజీలో ఇప్పుడు ఎర్ర గీత గీయాల్సింది గోదాం కింద. ఏ దారిలో పోయినా గోదాం కావాలి. గోదాం 'ఆర్‌సీసీ ఫ్రేమ్ భవనం' అవుతుందా? పైకప్పు ఏంటి?

నల్లగొండ_చిన్నోడు
స్తంభాలు, బీములు ఆర్‌సీసీ. పైన ఇనుప ట్రస్సులు, రేకులు. పక్కనే ఆఫీసు గది, దానికి స్లాబు, బాత్రూం. కరెంటు కూడా మేమే చేశాం.

పాలమూరు_బిల్డర్
బిల్డింగే కదా అది. ఇందులో అనుమానం ఏముంది? నేను ఫంక్షన్ హాల్ సర్టిఫికెట్ పెట్టి క్వార్టర్స్ పని చేశాను.

రిటైర్డ్_ఇంజనీర్
ఫంక్షన్ హాల్‌కి స్లాబు ఉండి ఉంటుంది. రేకుల గోదాంని ఒక కమిటీ ఒప్పుకుంటుంది, ఇంకో కమిటీ ఒప్పుకోదు. నేను కూర్చున్న కమిటీల్లో రెండూ చూశాను. కంప్లీషన్ సర్టిఫికెట్‌లో పని పేరు 'గోదాం నిర్మాణం' అని మాత్రమే ఉంటే కష్టం. ఆర్‌సీసీ పని ఇంత, నీటి పని ఇంత, కరెంటు ఇంత అని విడిగా రాయించుకుంటే వాదించడానికి ఆధారం ఉంటుంది. పని చేయించిన ఆఫీసు నుంచే రాయించాలి.

ప్రీ బిడ్ మీటింగ్ ఎప్పుడు?

నల్లగొండ_చిన్నోడు
నవంబర్ 4, పొద్దున 11 గంటలకు. ప్రశ్నలు 3వ తేదీ సాయంత్రం 5 లోపు మెయిల్ చేయాలి. ఈ తేదీలు నా పేజీలో లేవు. బిడ్ చివరి తేదీ ఒక్కటే రాశాను.

వనపర్తి_వనజ
అదే చెప్పేది. తేదీలన్నీ రాయి, పక్కన నీ తేదీలు కూడా రాయి. సాల్వెన్సీ ఎంత అడిగారు?

నల్లగొండ_చిన్నోడు
40 శాతం, అంటే 72 లక్షలకు. ఆరు నెలల లోపు ఇచ్చిందే కావాలట. మా దగ్గర ఉన్నది పోయిన సంవత్సరంది.

వనపర్తి_వనజ
అయితే నీ అసలు చివరి తేదీ నవంబర్ 18 కాదు. నువ్వు రేపు బ్యాంకుకి పోవాలి. మా బ్యాంకు మేనేజర్ ఆస్తి విలువ కట్టించి, పై ఆఫీసుకి పంపించి ఇచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో రెండు సెలవులు. ఆ సర్టిఫికెట్ రాకే ఒక టెండర్ వదిలేశాం, అర్హతలన్నీ ఉండి.

దేవరకొండ_కాంట్రాక్టర్
సాల్వెన్సీ తహసీల్దార్ ఆఫీసులో తీసుకోరా మీరు? మేం అట్లాగే చేస్తాం.

వనపర్తి_వనజ
కొన్ని టెండర్లు ఒప్పుకుంటాయి. దీంట్లో బ్యాంకుది అని ఉందో లేదో చిన్నోడే చూడాలి.

నల్లగొండ_చిన్నోడు
'షెడ్యూల్డ్ బ్యాంక్' అని ఉంది.

డిజిటల్_కీ_హాలియా
నేను డిజిటల్ సంతకం కీలు ఇస్తాను, బిడ్లు అప్‌లోడ్ కూడా చేస్తాను. ఇక్కడ అందరూ అర్హత గురించే మాట్లాడుతున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా పోయేది అర్హత లేక కాదు.

పోయిన సంవత్సరం ఒకాయన చివరి రోజు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. కీ ఆయన తమ్ముడి పేరు మీద ఉంది, ఆథరైజేషన్ లెటర్ లేదు. అది పరిగెత్తి చేయించాం. రేట్లు నింపే బీఓక్యూ ఎక్సెల్ ఫైల్‌కి ఆయన 'ఫైనల్ రేట్లు' అని పేరు మార్చుకున్నాడు, పోర్టల్ తీసుకోలేదు. మళ్లీ డౌన్‌లోడ్ చేసి రేట్లన్నీ కొట్టాం. 2:56కి అన్నీ ఎక్కాయి. హమ్మయ్య అని లేచి టీకి పోయాడు. `Freeze Bid Submission` నొక్కలేదు. అది నొక్కనంత వరకు బిడ్ వేసినట్టు కాదు. నేను పక్క సిస్టమ్ మీద ఉన్నాను, చూసేసరికి 3:04.

మూసీ_గట్టు
ఆ టీ ఖరీదు ఎంత పడిందో మరి.

డిజిటల్_కీ_హాలియా
చిన్నోడా, ఈఎండీ ఒరిజినల్ ఎక్కడ ఇవ్వాలో చూశావా? స్కాన్ ఎక్కించి ఊరుకుంటే సరిపోదు చాలా వాటిల్లో.

నల్లగొండ_చిన్నోడు
2 శాతం, 3.60 లక్షలు. ఒరిజినల్ డీడీ పాలమూరు ఆఫీసులో బిడ్ గడువు లోపే ఇవ్వాలని 11వ పేజీలో ఉంది. 27వ పేజీలో మాత్రం 'బిడ్ తెరిచే లోపు' అని ఉంది. తెరిచేది 19న.

రిటైర్డ్_ఇంజనీర్
రెండిట్లో ముందున్న దాన్నే పట్టుకో. నీ పేజీలో '18వ తేదీ మధ్యాహ్నం 3 లోపు' అని రాసి, పక్కన రెండు పేజీల నంబర్లూ వేయి. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోవాలి నువ్వు, ముందు రోజే పో. ఆ తేడాని ప్రీ బిడ్ ప్రశ్నల్లో పెట్టొచ్చు. కానీ మొదటి ప్రశ్న గోదాం గురించే కావాలి. 'మా గోదాంని ఒప్పుకుంటారా' అని అడగకు. 'ఆర్‌సీసీ స్తంభాలు, బీములు, పైన స్టీల్ ట్రస్సు ఉన్న భవనం 22వ పేజీ నిర్వచనం కిందికి వస్తుందా' అని అడుగు.

దేవరకొండ_కాంట్రాక్టర్
అడిగితే 'రాదు' అని రాతపూర్వకంగా ఇస్తే? అడగకుండా వేస్తే కమిటీ ఒప్పుకునేదేమో. నేనైతే అడగను.

వనపర్తి_వనజ
అది కూడా నిజమే. మేం ఒకసారి అడిగి చెడగొట్టుకున్నాం. కానీ పనికి రాదని తెలిసి డీడీ, బ్యాంకు ఖర్చు, పది రోజుల తిరుగుడు తప్పాయి కదా అని మా ఆయన అంటాడు. మా ఇంట్లో దీని మీద ఇంకా గొడవే.

రిటైర్డ్_ఇంజనీర్
టెక్నికల్‌లో పోతే ఈఎండీ వెనక్కి వస్తుంది. అబద్ధం కాగితం పెడితే అది పోతుంది, బ్లాక్ లిస్ట్ కూడా అవుతారు. ఉన్నది ఉన్నట్టు పెట్టి వేస్తే నష్టం తిరుగుడు మాత్రమే. పని వస్తే మాత్రం పెర్ఫార్మెన్స్ గ్యారంటీ 5 శాతం చూసుకోవాలి, అంటే 9 లక్షల దాకా. అది చిన్నాయన పేజీలో కింద రాయి. అర్హత ఉండటం వేరు, డబ్బు తట్టుకోవడం వేరు.

నల్లగొండ_చిన్నోడు
(నవంబర్ 8) చెప్పినట్టే అడిగాను. జవాబు పోర్టల్‌లో పెట్టారు. నా రెండు ప్రశ్నలకూ ఒకటే మాట, 'టెండర్ షరతుల ప్రకారమే.'

మూసీ_గట్టు
164 పేజీల టెండర్‌ని మూడు మాటల్లో కుదించింది వాళ్లే.

నల్లగొండ_చిన్నోడు
కొత్త పేజీ చిన్నాయనకి ఇచ్చాను. పైన 'అర్హత లేదు' కొట్టేసి 'గోదాం ఒప్పుకుంటే ఉంది' అని రాశాను. చదివి, "ఇప్పుడు అర్థమైంది" అన్నాడు. బ్యాంకులో సాల్వెన్సీకి పెట్టాం, 14న ఇస్తామన్నారు. రేపు పొద్దున మిర్యాలగూడ పోతున్నాం, గోదాం పని చూసిన ఇంజనీర్ గారు అక్కడే ఉన్నారట. ఆర్‌సీసీ, నీళ్లు, కరెంటు విడివిడిగా రాసి ఇస్తారేమో చూడాలి. ఇవ్వకపోతే డీడీ తీయనంటున్నాడు చిన్నాయన. తీద్దాం అంటున్నాను నేను.